కుక్క వెనుక శుక్రవారం

సరిత థీసిస్‌లో పరిశోధన పద్ధతి అధ్యాయాన్ని గైడ్ మేడం తిప్పి పంపారు. ‘కుటుంబాలను ఎలా ఎంచుకున్నావో వెతికి అలసిపోయాను. సోమవారంలోగా సరిచేయకపోతే ఈ ఏడు సంతకం పెట్టను’ అని అంచున రాశారు.

కోరుట్లలో సరితవాళ్లవీ మావీ పక్కపక్క ఇళ్లు. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినవాణ్ణని ఆ కాగితాల కట్టను నా ముందు పెట్టింది. ఇబ్రహీంపట్నం మండలంలో మగవాళ్లు గల్ఫ్‌కు పోయిన ఇళ్లలో పొలం నిర్ణయాలు ఎవరివి అన్నది ఆమె పరిశోధన. అధ్యాయంలో ఒక్క ఉపశీర్షికా లేదు. ఊళ్ల ఎంపికతో మొదలై, బస్సు తప్పి, ఆమె ప్రశ్నలడిగిన ఆడవాళ్లలో ఒకరైన లక్ష్మవ్వ ఇంటి కుక్క దగ్గర చాలాసేపు ఆగింది.

"గీ కుక్క గిందుల ఎందుకున్నది బిడ్డా?"

"నిజంగనే ఉండె పెద్దబాపూ. కరవబోయింది."

"కరిస్తే గదొక అధ్యాయమయ్యేది."

నవ్వి, అడగకుండానే అల్లం వేసి టీ పెట్టుకొచ్చింది. మా ఆవిడ పోయాక ఆ వాసన ఇంట్లోకి ఇలాగే అప్పుడప్పుడు వస్తోంది.

పెన్సిల్ తీసుకున్నాను. ఊళ్ల ఎంపిక, కుటుంబాల ఎంపిక, సమాచార సేకరణ, విశ్లేషణ అని ఉపశీర్షికలు పెట్టాం. ఫలితాన్ని నమ్మాలా వద్దా అని తేల్చేది అధ్యాయంలో ఉండాలి. ఇదే పని మరొకరు చేయడానికి కావలసిన చిన్న వివరాలు అనుబంధంలోకి పోవాలి. ప్రశ్నల వరుస, గడపలో చెప్పిన పరిచయ మాటలు, మాటలు రికార్డు చేసిన తీరు అటు పోయాయి. కుక్క ఎటూ పోలేదు, కొట్టేశాను. దాని వెనుకే, ఏ రోజు ఏ ఇంటికి పోయిందో ఉన్న పేరా పక్కన కూడా ‘అనుబంధం’ అని రాశాను.

సరిత నా చేయి ఆపింది.

"గది ఉండనియ్యి."

"ఏ దినం పోతే ఏంది? కుక్కను గూడ ఉంచమంటవా?"

"కుక్క పోనియ్యి పెద్దబాపూ. శుక్రవారం ముచ్చట మాత్రం పోవద్దు."

గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. ఆ రోజు మగవాళ్లు వీడియో కాల్‌లో ఉంటారు. తలగడకు ఆనించిన ఫోన్‌లో భర్త చూస్తుండగా ఎవరు నిర్ణయిస్తారని అడిగితే, లక్ష్మవ్వ "గాయిననే అడుగు" అంది. మంగళవారం మళ్లీ పోతే "పసుపు ఎయ్యాల్నని నేనే అనుకున్న, ఏసిన" అంది. అందుకే శుక్రవారం జవాబులన్నీ పక్కనపెట్టి, ఆ ఇళ్లకు సరిత వేరే రోజుల్లో మళ్లీ పోయింది.

"ఇన్నేండ్లు పాఠం జెప్పినవు," అంది.

నా రాత నేనే చెరిపేశాను. సమాచార సేకరణ కింద ఆ పేరాను ముందుకు తెచ్చి, ఇంటింటి తేదీల పట్టిక అనుబంధంలో ఉందని చివర ఒక వాక్యం కలిపాం.

సోమవారం మేడం సంతకం పెట్టారు. శుక్రవారం పేరా పక్కన ఇలా రాశారు: ‘ఇంత ముఖ్యమైన సంగతి ముందే ఎందుకు రాయలేదు?’

సరిత ఆ కాగితం నాకు చూపించింది.

"రాసిన. కుక్క ఎనుక ఉండె."