గట్టిగా చెప్పవలసిన మాట

ఆసుపత్రి దుప్పట్లు ఒక పట్టాన ముడతలు వదలవు. ఇస్త్రీ పెట్టెను వాటి అంచు దగ్గర ఆనించి, ఎడమచేత్తో గుడ్డను లాగి పట్టుకుని, ఒక్క ఊపులో చివరిదాకా తోయాలి. మధ్యలో ఆగితే మచ్చ పడుతుంది. ఆ లాండ్రీలో ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నవాడు ఆ రోజు రెండుసార్లు ఆగాడు.

ఉపవాసంలో నీరసమని బట్టలు మడతపెట్టే ముసలాయన అనుకున్నాడు. కాని నీరసానికీ ఆలోచనకూ తేడా తెలియనంత అమాయకుడేం కాదాయన.

"సెలవు దొరికిందా?" అన్నాడు.

"ఎల్లుండి రాత్రికి ఇచ్చారు. రంజాన్‌లో ఇరవయ్యేడో రాత్రి. మాకు అదే పెద్ద రాత్రి."

"మరి మిగతా రాత్రులు దేవుడు సెలవు పెట్టాడా?"

ముసలాయన ఆ మతంవాడు కాడు. ఊరికే ఆటపట్టించాడు. ఇస్త్రీవాడు నవ్వబోయి మానేశాడు. పెద్ద రాత్రికి అతను దాచిపెట్టుకున్నది నమాజు ఒక్కటే కాదు. ఒక మాట కూడా ఉంది.

అది అన్నయ్యకు చెప్పవలసిన మాట. అన్నయ్య పేట మసీదులో ఏళ్ళ తరబడి అజాన్ ఇచ్చినవాడు. జీతం లేదు, ఎవరూ నియమించలేదు. తెల్లవారకముందే లేచి వెళ్ళి జనాన్ని నమాజుకు పిలిచేవాడు, అంతే. రెండేళ్ళ నుంచి ఆయనకు చెవులు పోతున్నాయి. తన గొంతు తనకే వినపడక స్వరం ఎక్కడో ఎత్తేవాడు, ఎక్కడో వదిలేసేవాడు. వెనక వరసలో కుర్రకారు కిసుక్కుమనేవారు. రంజాన్‌కు వారం ముందు, కాళ్ళు కడుక్కునే కుళాయిల దగ్గర పదిమందీ ఉండగా తమ్ముడే అనేశాడు. అన్నయ్యకు వినపడాలి కదా, గొంతు చించుకునే అన్నాడు.

"నీకు వినపడటం లేదు గానీ మాకు వినపడుతోంది. ఇక చాలించు."

అన్నయ్య కాళ్ళు కడుక్కోవడం పూర్తిచేసి లోపలికి వెళ్ళాడు. మర్నాటి నుంచి అజాన్ ఇంకొకరు ఇచ్చారు.

అన్నయ్య మీద ప్రేమతో చెప్పానని తనకు తాను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా అది అబద్ధమని తమ్ముడికి తెలుసు. ఆ పిల్లల నవ్వు తన తలకొట్టేసినట్టు అనిపించి అన్నాడు.

క్షమాపణ అడగటం పెద్ద పనేం కాదు. చిక్కల్లా ఆ చెవులతోనే వచ్చింది. గుసగుసలాడితే అన్నయ్యకు వినపడదు. గట్టిగా అరిస్తే మసీదంతా వింటుంది. అవమానం పదిమందిలో చేయగలిగినవాడికి క్షమాపణ పదిమందిలో అడగటానికి నోరు రాలేదు. ఇరవయ్యేడో రాత్రి అందరూ దుఆలో మునిగి, దేవుణ్ణి వేడుకుంటూ ఏడుస్తుంటారు, ఆ గోలలో తన గొంతు ఎవరికీ పట్టదు. అదీ అతని లెక్క.

సాయంత్రం ఇంటికి రాగానే భార్య క్యారేజీ చేతికిచ్చింది. ఇరవయ్యో ఉపవాసం నాడు పొద్దు గూకకముందే అన్నయ్య ఎతికాఫ్‌కు కూర్చున్నాడు. పండుగ నెలవంక కనపడేదాకా మసీదులోనే నిద్ర, నమాజు, ఖురాన్ చదువు. కాలకృత్యాలకూ, నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూకూ తప్ప బయటికి రాకూడదు. తిండి ఇంకొకరు తెచ్చి ఇవ్వాలి. ఇచ్చేది తమ్ముడే.

"ఇవాళైనా మాట్లాడతారా?" అంది భార్య.

"ఎల్లుండి."

"అప్పు ఎగ్గొట్టేవాడు కూడా అలాగే అంటాడు," అని ఆమె పొయ్యి వైపు తిరిగింది.

మసీదులో ఒక మూల, తాడుకు కట్టిన తెల్లదుప్పటి వెనక అన్నయ్య ఉన్నాడు. ఆ దుప్పటిని ఇస్త్రీ చేసింది తమ్ముడే, మడత గీతలు ఇంకా పోలేదు. దాన్ని పక్కకు జరిపి క్యారేజీ పెట్టాడు. అన్నయ్య తలెత్తి నవ్వాడు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం మరీ పెద్దదైనట్టు కనపడింది.

"ఎండలో వచ్చావా?" అన్నాడు అన్నయ్య, అవసరానికి మించిన గొంతుతో. తమ్ముడు తలాడించి ఇవతలికి వచ్చేశాడు.

రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు అయ్యాక ఇమాంగారు నేల మీదే కూర్చుని మాట్లాడారు. అది ఇరవయ్యైదో రాత్రి. ఖురాన్ దిగివచ్చిన ఖద్ర్ రాత్రి వెయ్యి నెలల కంటే మేలైనదని, దేవదూతలు జిబ్రీల్‌తో సహా ఆ రాత్రి దిగివస్తారని, తెల్లవారేదాకా అంతా శాంతేనని చెప్పారు. చివరి పది రాత్రులూ ప్రవక్త నడుం బిగించి మేలుకుని, ఇంటివాళ్ళనూ లేపేవారట.

"అది ఏ రాత్రో చెప్పడానికే ఒకనాడు ఆయన బయటికి వచ్చారు. ఇద్దరు మనుషులు తగువులాడుకుంటున్నారు. ఆ తగువు వల్ల ఆ సంగతి మన నుంచి ఎత్తేయబడింది. అదీ మీ మేలుకే కావచ్చు, చివరి పదిలో బేసి రాత్రుల్లో వెతుక్కోండి అన్నారు. ఇరవయ్యేడే అని చాలామంది ఆశ పెట్టుకుంటారు. ఆశ తప్పు కాదు. కాని మిగతావి వదిలేస్తే ఎలా?"

ఆ రాత్రి ఎదురైతే ఏమనాలని భార్య ఆయిషా అడిగితే ప్రవక్త నేర్పిన దుఆను అందరిచేతా చెప్పించారు. అల్లాహ్, నీవు క్షమించేవాడివి, క్షమించడం నీకిష్టం, నన్ను క్షమించు. ఇస్త్రీవాడు కూడా అన్నాడు. తగువులాడుకున్న ఇద్దరూ ఎవరోగాని, వాళ్ళ పక్కన తానూ నిలబడ్డట్టే అనిపించింది.

లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. అన్నయ్య నమాజులో నిలబడి ఉన్నాడు. అయ్యేదాకా ఆగవచ్చు. వెనక పదిహేనుమంది ఖురాన్ తెరిచి కూర్చుని ఉన్నారు, అంతా నిశ్శబ్దం. ఎల్లుండి, అనుకున్నాడు. బయట పెట్టివున్న ఖాళీ క్యారేజీ తీసుకుని ఇంటికి నడిచాడు.

తెల్లవారకముందు తినే సహరీకి ఇంకో గిన్నెలో అన్నం తెచ్చేసరికి తెర వెనక చప్పుడు లేదు. అన్నయ్య కుడిపక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నాడు. "అన్నయ్యా" అన్నాడు. వినపడకపోవడం కొత్త కాదు కనుక కాలు పట్టుకుని కదిపాడు. పాదం చల్లగా ఉంది.

ఇమాంగారు వచ్చి, వంగి చూసి, "మనమంతా అల్లాహ్‌కు చెందినవాళ్ళం, ఆయన దగ్గరికే వెళ్ళేది," అన్నారు అరబ్బీలో. తర్వాత మెల్లగా, "రాత్రంతా నిలబడే ఉన్నాడు. గంట కిందటే నడుం వాల్చాడు," అన్నారు.

ఇస్త్రీవాడు మోకాళ్ళ మీద కూలబడి, ఆ చెవి దగ్గరికి నోరు తీసుకెళ్ళి అరిచాడు.

"అన్నయ్యా, తప్పయిపోయింది. నన్ను క్షమించు."

మసీదంతా వినపడింది. కుళాయిల దగ్గరి నుంచి కూడా కొందరు వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఆనాడు కిసుక్కుమన్నవాళ్ళూ ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ అతన్ని లేపనూ లేదు.

"మీ అన్నయ్యకు నీమీద కోపం ఉందని అనుకున్నావా?" అన్నారు ఇమాంగారు చివరికి. "రోజూ ఉపవాసం విడిచే పళ్ళెంలోంచి ఒక ఖర్జూరం తీసి క్యారేజీలో పెట్టేవాడు. ఎందుకంటే, మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ ఆకలికి ఆగలేడు, దారిలో తింటాడు అనేవాడు."

ఇంటి నుంచి భార్య కూడా ఖర్జూరాలు పెట్టి పంపేది, రోజూ క్యారేజీ అడుగున ఒకటి మిగిలి వస్తూనే ఉంది. తాను తెచ్చింది తినడానికి అన్నయ్యకు మనసొప్పడం లేదనుకుని, రోజూ దాన్ని గోడమీద కాకికి పెట్టేసేవాడు.

ఆ పొద్దున సూర్యుడు కిరణాలు లేకుండా, కంచుపళ్ళెంలా వచ్చాడు. ఖద్ర్ రాత్రి గడిచిన పొద్దున సూర్యుడు అలా ఉంటాడని పెద్దలు చెబుతారు. లాండ్రీ బాయిలర్ పొగ వల్ల కూడా కావచ్చు. అతను అటు ఒకసారి చూసి తల దించేసుకున్నాడు. ఆ రాత్రి అదే అయినా, కాకపోయినా, తాను ఇంట్లో పడుకుని నిద్రపోయాడు.

మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా నమాజు చేసి, మట్టిచేసి వచ్చారు. వంటింటి గట్టు మీద నిన్న రాత్రి మసీదు నుంచి తెచ్చిన క్యారేజీ కడగకుండా అలాగే ఉంది. అతను ఒక్కొక్క గిన్నే విప్పాడు. అడుగు గిన్నెలో, ఆరిపోయిన రెండు మెతుకుల పక్కన, ఒక ఖర్జూరం ఉంది.