చివరి మాట మధ్యలోకి

ఆ సూత్రం నాదే. బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను: "తెలుగు వాక్యంలో చివరి మాట తీసి మధ్యలో పెట్టండి. ఇంగ్లీషైపోతుంది."

ఈ పరాయి దేశమొచ్చి గోడౌన్‌లో పనిచేసే పదకొండు మంది తెలుగువాళ్ళకి ఆదివారం మధ్యాహ్నాలు, వాళ్ళు భోంచేసే గదిలోనే పాఠం చెప్పేవాణ్ణి. ఎవరైనా "నేను టీ తాగాను" అంటే, చివరున్న "తాగాను"ను లేపి మధ్యలో కూర్చోబెట్టేవాణ్ణి. ఐ డ్రాంక్ టీ. అందరూ నవ్వేవారు. ఇంత చిన్న విషయాన్ని పుస్తకాలవాళ్ళు ఎందుకంత గజిబిజి చేస్తారని వెటకారం కూడా చేసేవాణ్ణి. పొగరు, ఇంకేం కాదు.

వాళ్ళందరిలో చురుకైన మనిషి ప్యాకింగక్క. ప్యాకింగ్ సెక్షన్‌లో పని కాబట్టి ఆ పేరు. ఆమె తమ్ముడు అక్కడే లోడింగ్ చేసేవాడు. పాఠానికి రమ్మంటే, "అక్క నేర్చుకుంటోందిగా మాష్టారూ, నా వంతు కూడా తనే మాట్లాడుతుందిలెండి" అని తప్పించుకునేవాడు.

ఒక మంగళవారం పొద్దున మెట్ల మీద అతనికీ సూపర్‌వైజర్‌కీ మాటామాటా పెరిగింది. సూపర్‌వైజర్ తోశాడు. పద్నాలుగు మెట్లు దొర్లి తమ్ముడు నడుం విరగ్గొట్టుకున్నాడు. చూసింది అక్క ఒక్కతే. సూపర్‌వైజర్ మాత్రం, వాడే నన్ను తోసి, తూలి పడిపోయాడని చెప్పాడు.

చూసింది రాయమని ఆఫీసువాళ్ళు ఆమెకు కాగితమిచ్చారు. తెలుగు వచ్చినవాళ్ళను పిలవమంటారా అంటే అక్కర్లేదందట. మీ మాట మీరే చెప్పుకోవాలి, మధ్యలో ఇంకొకరెందుకని క్లాసులో ఊదరగొట్టింది కూడా నేనే.

శుక్రవారం విచారణకు తోడు రమ్మంటే వెళ్ళాను. ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఆ కాగితం నకలు చదివాను. "మై బ్రదర్ పుష్డ్ సూపర్‌వైజర్. మై బ్రదర్ ఫెల్ ఫ్రమ్ స్టెప్స్."

"ఏంటమ్మా ఇది? మీ తమ్ముడే సూపర్‌వైజర్‌ని తోశాడని రాశావు."

"లేదు మాష్టారూ. మా తమ్ముణ్ణి సూపర్‌వైజర్ తోశాడు. అదే రాశాను. 'తోశాడు' తీసి మధ్యలో పెట్టాను, మీరు చెప్పినట్టే."

నేను చెప్పినట్టే. తెలుగులో తమ్ముణ్ణి ముందు పెట్టినా వెనక పెట్టినా, దెబ్బ తిన్నది అతనేనని ఆ చివరి "ణ్ణి" చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఆ పని చేసేది మాటల వరస. ముందు కూర్చున్నవాడు చేసినవాడు, క్రియ తర్వాత కూర్చున్నవాడు పడ్డవాడు. క్రియను జరపడానికి ముందు చేసినవాణ్ణి మొదటికి తేవాలి. అది నేను చెప్పలేదు. టీ మనిషిని తాగదు కాబట్టి నా ఉదాహరణల్లో ఆ అవసరమే రాలేదు. ఆమెకేమో మెట్ల కింద పడున్న తమ్ముడే ముందు నోటికొచ్చాడు. ఏ అక్కకైనా అంతే కదా.

లోపల ఇదంతా, తెలుగులో 'మీంచి' లాంటివి మాట వెనకొస్తాయన్నది కూడా, విచారణాధికారికి విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. తర్వాత రెండో వాక్యం మీద వేలు పెట్టాడు.

"మీ భాషలో 'మెట్ల మీంచి' అంటారు, 'మీంచి' వెనకొస్తుందని మీరే అన్నారు. ఈమె 'ఫ్రమ్'ని సరిగ్గా ముందే పెట్టింది. అంత తెలిసినామెకు ఎవరు ఎవర్ని తోశారో రాయడం రాదా?"

'ఫ్రమ్' గురించి మూడు వారాలు రుద్దింది నేనే. మొదట రాసిందే నిలుస్తుందని, తర్వాత మాష్టారితో కలిసి మార్చుకున్నది లెక్కలోకి రాదని ఆయన తేల్చేశాడు. తమ్ముడి ఉద్యోగం పోయింది. తప్పు కూడా అతని పేరు మీదే రాశారు.

ఆసుపత్రికి ఇద్దరం వెళ్ళాం. అక్క రాసిన కాగితం నకలు అప్పటికే ఎవరో అతనికి చూపించి చదివి వినిపించారు.

"నేనలా రాయలేదురా" అందామె.

"నీ చేతిరాతే కదక్కా."

తప్పు నాదని, నా సూత్రానిదని చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. తమ్ముడు గోడవైపు తల తిప్పుకున్నాడు. నడుం కట్టేసి ఉంది కాబట్టి తిప్పగలిగింది తల ఒక్కటే.

ఆదివారం బోర్డు మీద సూత్రం అలాగే ఉంది. తుడిచేశాను. ప్యాకింగక్క రాదనుకున్నాను గానీ వచ్చింది. ఎప్పుడూ కూర్చునే ముందు బెంచీ వదిలేసి చివర కూర్చుంది. పాఠమయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, నోట్‌బుక్ నా ముందు పెట్టింది. పేజీ నిండా ఒకటే వాక్యం, పై గీత నుంచి కింది గీత దాకా.

"ద సూపర్‌వైజర్ పుష్డ్ మై బ్రదర్."

"ఇప్పుడు కరెక్టేనా మాష్టారూ?"

ఒక్క తప్పు కూడా లేదు. కరెక్టేనమ్మా అన్నాను.