తేనె రంగు పాకం

శనివారం పొద్దున్నే కృపామణికీ ఆమె భర్త యెషయాకీ ఒక నిమ్మకాయ దగ్గర గొడవైంది. ఫ్రిజ్‌లో మిగిలిన ఒక్క కాయనూ ఆయన మజ్జిగలో పిండుకున్నాడు. అది పుడ్డింగు కోసం దాచిందని తనకేం తెలుసంటాడు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలియలేదా అంటుంది ఆమె. చివరికి ఆయన సంచీ పట్టుకుని, మొహం గట్ల పెట్టకు తెస్తున్న గదా అని గొణుగుతూ అమీర్‌పేట మార్కెట్టు వైపు దిగాడు.

కృపామణి ఆయన కోసం ఆగలేదు. రేపు ఆరాధన తర్వాత పంజాగుట్టలోని వాళ్ళ చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందు. ఏటా ఆ విందులో క్యారమెల్ పుడ్డింగు ఆమెదే. పోయినేడు మాత్రం చేదెక్కింది. ఎవరూ ఏమీ అనలేదు, ప్లేట్లలో వదిలేసి లేచారు. ఈసారి మీకెందుకమ్మా శ్రమ, ఐస్‌క్రీమ్ తెప్పిద్దామని పాస్టరమ్మ మెత్తగా అంది. అక్కర్లేదని కృపామణి అంతకంటే మెత్తగా చెప్పింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని చర్చిలో పెట్టిన కంటి శిబిరంలో డాక్టరు చెప్పి ఏడాదైంది. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆపరేషనైతే కొన్నాళ్ళు పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఒకసారి వదిలిన గరిట మళ్ళీ తన చేతికి వస్తుందా అన్నదే ఆమె దిగులు.

మందపాటి స్టీలు గిన్నెలో చక్కెర, అది తడిసేన్ని నీళ్ళు పోసి సన్నసెగ మీద పెట్టింది. ఉడకడం మొదలయ్యాక పాకాన్ని కదపకూడదని ఎందరికో చెప్పిన మనిషి. కానీ పలుకులు కరిగాయో లేదో కనిపించక గరిటతో రెండుసార్లు తిప్పింది. అంచులకు అంటుకున్న పలుకులు లోపలికి జారాయి. కాసేపటికి పాకమంతా తెల్లగా, ఇసకలా గట్టిపడింది.

మళ్ళీ నీళ్ళు పోసి కరిగించింది. ఈసారి గరిట ముట్టలేదు. రంగు చూద్దామని వంగితే గిన్నె నిండా మసక. ఇంకా రాలేదనుకుంటూ నిలబడింది. ఘాటైన పొగ ముక్కుకు తగిలేసరికి పాకం నల్లబడిపోయింది.

సరిగ్గా అప్పుడే ల్యాబులో సగం రోజు డ్యూటీ ముగించుకుని కోడలు ఇవాంజెలిన్ వచ్చింది. గుంటూరు పిల్ల, ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు. మాడిన గిన్నెను చూసింది, పక్కనున్న గరిటనూ చూసింది.

"అత్తయ్యా, పాకం తిప్పారా? మీరు?"

కృపామణి సింకు వైపు తిరిగింది. "కనపడ్తలేదు బిడ్డా," అంది నెమ్మదిగా. "రంగు కనపడ్తలేదు."

ఇవాంజెలిన్ మాడిన గిన్నెను పక్కకు దించింది. వేరే గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టింది. ఇంతలో యెషయా డజను నిమ్మకాయలతో వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, సంచీ గడప దగ్గరే పెట్టి హాల్లోకి తప్పుకున్నాడు.

కృపామణి స్టూలు మీద కూర్చుని చెప్తూ పోయింది. నాలుగు చుక్కల నిమ్మరసం వేయించింది, పాకం మళ్ళీ పలుకులు కట్టకుండా. ఉడుకు రాగానే ఒక్క నిమిషం మూత పెట్టించింది, ఆవిరి నీళ్ళై అంచుల్లోని చక్కెరను కడిగేస్తుందని. మూత తీశాక గరిట పెట్టొద్దంది, గిన్నెనే పట్టుకుని ఒక్కసారి మెల్లగా తిప్పమంది.

"రంగేంది ఇప్పుడు?"

"ఎండుగడ్డి రంగు. దించేయనా? మాడిపోతుందేమో."

"భయపడకు. గిప్పుడు దించితే ఉత్త తీపే. చెప్తుండు నాకు."

"పల్చటి టీ... ఇప్పుడు తేనె. అత్తయ్యా, చకచకా మారిపోతోంది."

కృపామణి గాలి ఎగబీల్చి వాసన పట్టింది. వేయించిన గింజల కమ్మదనం వచ్చింది, పొగ ఇంకా పుట్టలేదు.

"దించు. దించినంక సుత గిన్నె వేడికి ఇంకా ముదురుతది, ఆలస్యం చెయ్యకు."

ఇవాంజెలిన్ దించి, పుడ్డింగు కోసం సిద్ధంగా ఉన్న నాలుగు స్టీలు డబ్బాల్లో చకచకా పోసి, అడుగంతా పరుచుకునేలా గుడ్డతో పట్టి వంచింది. పాకం అద్దంలా బిగుసుకుంది. డబ్బాకు అంటిన బొట్టు గీకి అత్త నోట్లో పెట్టింది. కృపామణి చప్పరించి, కోడలి మోచేయి నిమిరింది. గుడ్లూ పాలూ గిలకొట్టి పాకం మీద పోసే పని తనే అందుకుంది.

డబ్బాలు ఆవిరి మీద ఉడుకుతుండగానే అందరూ భోజనాలకు కూర్చున్నారు. పప్పు వడ్డిస్తున్న కొడుకు నేతన్, వాసన బాగుంది మమ్మీ అన్నాడు. పాకం పట్టింది ఇవాంజెలినే అని కృపామణి చెప్పింది. కాదు మీరే అంది కోడలు. ఎవలు పట్టినా నాకు ముక్క దాచిపెట్టున్రి అన్నాడు యెషయా.

కృపామణి అన్నం కలపడం ఆపి చెయ్యి పళ్ళెంలోనే ఉంచింది.

"సోమవారం నేను కంటి దవాఖానకు పోత. రెండు కండ్లకూ ఆపరేషన్ చేపిచ్చుకుంట, ముందు ఒకటి, తర్వాత ఇంకోటి. అన్ని రోజులూ పొయ్యి ఇవాంజెలిన్‌ది. నేను స్టూలు మీద కూసుంట."