దేవప్ప చేసిన పరీక్షలు

దేవప్ప దరఖాస్తులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఒకటో రెండో ఉంటే బాగుపడేవాడేమో!

వికారాబాద్‌లోని ఓ ప్రైవేటు దవాఖాన ల్యాబులో అతను పేరుకు సీసాలు కడిగే మనిషి. తొమ్మిదేళ్లుగా అక్కడ ఏ పరీక్షయినా చేసేది మాత్రం అతనే. టెక్నీషియన్ నర్సింహులు పదింటికి వచ్చి, చాయ్ తాగి, రిజిస్టర్లో సంతకాలు గీకి పోయేవాడు. సొమ్మొకడిది సోకొకడిది.

తాండూరులో నాపరాయి గనుల యజమానులు కూలీల కోసం కొత్త దవాఖాన పెడుతున్నారని, సర్టిఫికెట్ లేకున్నా పని వచ్చిన టెక్నీషియన్ కావాలంటున్నారని 1964లో తెలిసింది.

"ఒక్కటి గూడ ఇడవకు. అన్ని రాయి," అంది భార్య శంకరమ్మ.

రాశాడు. హిమోగ్లోబిన్, తెల్లకణాల లెక్క, మలేరియా స్లైడు, మూత్రంలో చక్కెర, కఫంలో క్షయ క్రిములు. వాడిన సామాను: మైక్రోస్కోపు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్, ఆవిరితో సామాను శుద్ధి చేసే ఆటోక్లేవ్. చివర తనకు తెలిసిన ల్యాబు ప్రమాణాలు కూడా చేర్చాడు: స్లైడు మీద నూరు చోట్ల వెతకనిదే కఫంలో క్రిములు లేవని రాయకూడదు, పరీక్ష చేసినవాడే రిజిస్టర్లో సంతకం చేయాలి.

తాండూరులో ఇంటర్వ్యూ చేసింది హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టర్ మనోరమ. కఫం ఇచ్చి పరీక్ష చేయమంది. దేవప్ప స్లైడు మీద ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా మాత్రమే వేడి చేశాడు, మరగనివ్వలేదు. ఆమ్లంతో కడిగాడు, నీలి రంగు వేశాడు. నూనెబొట్టు పెట్టి చూస్తే నీలిలో ఎర్రటి సన్న పుల్లలు, క్షయ క్రిములు. ఆమె కూడా చూసి తలూపింది. 

"చేయి మంచిది. రిజిస్టర్లో నీ సంతకం ఉందా?"

"లేదమ్మా. నర్సింహులు సార్‌ది ఉంటది."

"ఈ నియమం తెలుసని నువ్వే రాసినవు గద?"

"తెలుసమ్మా."

"తెలిసి తొమ్మిదేండ్లు వేరే మనిషిని సంతకం పెట్టనిచ్చినవ్. తెల్వకపోతే నేర్పేదాన్ని, దేవప్పా. రేపు ఈడ గూడ ఎవరన్న గట్టిగ అంటే ఊకుంటవ్ గద?"

కాదంటే అక్కడ ఉద్యోగం ఊడేది. ఆమె దరఖాస్తు తిరిగి అతని చేతిలో పెట్టింది. ఒళ్లు మండిపోయింది అతనికి. తప్పు చేసినవాడు వికారాబాద్‌లో చాయ్ తాగుతున్నాడు, శిక్ష ఇక్కడ తనకు పడింది.

మర్నాడు వికారాబాద్ ల్యాబులో మొదటి కఫం చూసి, "క్రిములు ఉన్నవి" అని రిజిస్టర్లో రాసి, తొమ్మిదేళ్లలో మొదటిసారి కింద తన పేరు పెట్టాడు. 

నర్సింహులు వచ్చి చూశాడు. తిట్టలేదు. పెన్ను తీసి ఆ పేరును ఒక్క గీతతో కొట్టేశాడు. పక్కన పొడి అక్షరాలు, తేదీ వేశాడు. దిద్దుబాటు ఎలా చేయాలో ఆ ఒక్క నియమం అతనికి కూడా తెలుసు. తర్వాత తన సంతకం పెట్టాడు.

"ఇంకెన్ని ఉన్నయ్‌రా?" అన్నాడు.

"ఆరున్నయ్ సార్," అని దేవప్ప మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు.