ఊ కొట్టే పని లేదు

వీరేష్‌తో వేగలేక చచ్చాను. ఉరవకొండలో ఎన్నికల ఆటోలకు మైకు ప్రకటనలు రికార్డు చేసే మనిషి. నిద్ర పట్టని రైతు కుటుంబాల కోసం మా కౌన్సెలింగ్ కేంద్రం తరఫున నేను రాసిన మాటలు, నా గొంతుతోనే, అతని దగ్గరే రికార్డు చేయించాను. "భుజాలు వదిలేయండి... మెల్లగా వదిలేయండి..." అని చదవాలి, ఇరవై సెకన్లు ఆగాలి. ఆ ఇరవై సెకన్లలోనే ఒళ్లు వదులవుతుంది. కాగితం మీద ప్రతి ఖాళీ పక్కన సెకన్లు కూడా రాసిచ్చాను.

క్యాసెట్ చేతికొచ్చింది. పద్నాలుగు నిమిషాలది ఆరు నిమిషాలైంది! ఖాళీలన్నీ కత్తిరించేశాడు మహానుభావుడు. అదేమంటే, మాట ఆగితే టేపు చెడిపోయిందనుకుంటారట. మళ్లీ కూర్చుని, గడియారం పెట్టుకుని, అన్నీ పెట్టించాను.

ఆ క్యాసెట్ పట్టుకుని, బస్సెక్కి, పల్లెలో ఉన్న రామక్క ఇంటికి వెళ్లాను. మొగుడు ఉరేసుకుని నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. మాత్రలు వేసినా అంతే. మధ్యాహ్నం చాప మీద పడుకోబెట్టి టేపు పెట్టాను.

"భుజాలు వదిలేయండి..."

"ఊ," అంది రామక్క.

పలకొద్దన్నాను. సరేనంది. మళ్లీ ఖాళీ రాగానే ఊ. పాదాలకు ఊ, చేతులకు ఊ, కడుపుకు ఊ. కథ వింటున్నట్టు ఊ కొడితే ఒళ్లు ఎక్కడ వదులవుతుంది? నాకు ఒళ్లు మండి టేపు ఆపేశాను. నోరు మూసుకుని ఉండలేవా అని గట్టిగానే అన్నాను.

రామక్క లేచి కూర్చుంది.

"ఆ పొద్దు రాత్రి మా ఇంటాయప్ప ఏందో చెప్తాన్యాడు కృపమ్మా. నేను ఊ కొడతా కొడతానే నిద్రపోతి. తెల్లారి చూస్తే మనిషి లేడు. ఊ కొట్టింటే ఇంగా చెప్తా కూసుండేటోడు."

ఇన్ని సెకన్లు లెక్కపెట్టి రాసిన నాకు, ఆ ఖాళీలో ఆమె ఎవరికి జవాబు చెబుతోందో తెలియలేదు. నా చదువు తగలెయ్య.

మర్నాడు వీరేష్ దగ్గర కొత్తగా చదివాను. ఈసారి మా ఊరి మాటలోనే. ఖాళీలు ముప్పై సెకన్లు చేశాను. వీరేష్ మొహం మాడ్చుకున్నాడు కానీ కత్తెర జోలికి పోలేదు.

సాయంత్రం ఆరింటికి రామక్క చాప పక్కన కూర్చుని టేపు పెట్టాను.

"ఊ కొట్టే పని లేదు. నేను ఈడనే ఉండా. భుజాలు వదిలేయి."

"ఊ," అంది. ఈసారి టేపు ఆపలేదు.

"ఊ కొట్టే పని లేదు. నేను ఈడనే ఉండా. చేతులు వదిలేయి."

"ఊ." ఈసారి సగమే వినబడింది.

మూడో ఖాళీ వచ్చింది. నిన్న ఆ ఊ ఎప్పుడు ఆగుతుందా అని విసుక్కున్నదాన్ని, ఇప్పుడు అది రాకపోయేసరికి ఊపిరి బిగబట్టి వంగి చూశాను. నోరు కొంచెం తెరుచుకుని, రామక్క గురక పెడుతోంది.

టేపు అయిపోయింది. ఉరవకొండ పోయే ఆఖరి బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఈడనే ఉండా అని అన్నిసార్లు చెప్పినదాన్ని, ఎట్లా లేచి వెళ్తాను?