శనివారానికి నలభై ఐదు నిమిషాలు

తేజేశ్వర్ అంకె మార్చమంటుంటే దమయంతి ల్యాప్‌టాప్ తన వైపుకి లాక్కుంది. అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్న అతని రెస్టారెంటుకి లెక్కలు చూసేది ఆమే. అతను తెరవబోయే రెండో బ్రాంచ్‌లో, రిటైరైన డాక్టర్ వాసుదేవరావు తన రిటైర్‌మెంట్ డబ్బంతా పెట్టబోతున్నాడు. ఆయన నమ్మేది ఆ బ్రాంచ్ ఆదాయానికి ఈమె కట్టిన ఫోర్‌కాస్ట్‌నే, అంటే ముందస్తు అంచనానే.

లెక్కలో తికమకేమీ లేదు. సీట్లు ఎనభై. నలుగురి టేబుల్ దగ్గర ఒక్కోసారి ముగ్గురు, ఒక్కోసారి ఇద్దరే కూర్చుంటారు కనుక, నిండేది డెబ్బై శాతం, అంటే యాభై ఆరు. శనివారం ఏడు నుంచి పది దాకా రద్దీ. మనవాళ్లు తిన్నాక కూడా టీ తాగుతూ పిల్లల కాలేజీలు, ఇళ్ల ధరలు మాట్లాడుకుంటూ గంటన్నర కదలరు. మూడు గంటల్లో టేబుల్ రెండుసార్లు తిరుగుతుంది, అంటే రెండు బ్యాచ్‌లు తిని లేస్తాయి. నూట పన్నెండు మంది, మనిషికి ఇరవై ఐదు డాలర్లు, మొత్తం రెండు వేల ఎనిమిది వందలు.

"టేబుల్‌కి టైమ్ ఫార్టీఫైవ్ మినిట్స్ పెట్టండి. లంచ్ బఫేకి అంతేగా?" అన్నాడు తేజేశ్వర్.

"అది ఆఫీసు వాళ్ల లంచ్ అండీ. తినేసి పరిగెడతారు. ఆ టైముకి శనివారం డిన్నర్ బిల్లు తగిలిస్తే ఎలా?"

"మీరు పెట్టండి, నేను చేసి చూపిస్తా."

వాదించి విసిగిపోయి పెట్టేసింది. నాలుగు టర్న్‌లు, ఐదు వేల ఆరు వందలు. ఒక్క గడి మారిస్తే ఆదాయం రెట్టింపైంది. ఛీ అనుకుంది, అయినా సేవ్ చేసింది.

శనివారం ఏడింటికి, ఒప్పందం మీద సంతకానికి ముందు భోజనమని వాసుదేవరావు, భార్య ఆండాళ్‌తో వచ్చాడు. దమయంతీ వాళ్ల టేబుల్ దగ్గరే కూర్చుంది. హాలంతా నిండింది. ఏడూ నలభై ఐదు కాగానే, తేజేశ్వర్ చెప్పి ఉంచినట్టే, సర్వర్లు టేబుళ్ల మీద పడ్డారు. అడగకుండానే బిల్లు పెట్టారు. నంజుకుంటున్న పచ్చడి గిన్నెలు ఎత్తేశారు. ఎంగిలి కంచాలు ఒకదాని మీద ఒకటి పడి, పప్పు కారి, ఒక పసిపిల్ల గౌను మీద పడింది. పక్క టేబుల్‌ని తుడిచిన అదే గుడ్డతో ఈ టేబుల్‌నీ తుడిచారు. దమయంతి తన కంచం పక్కకి జరిపేసింది.

కొత్త సర్వర్‌కి వీళ్లెవరో తెలియదు. ఆండాళ్ పెరుగన్నం కలుపుకుంటోంది. వేళ్లు ఇంకా అన్నంలో ఉండగానే కంచం లాగేశాడు.

"బాబూ, ఇంకా తినలేదురా," అందామె, పెరుగు చెయ్యి గాల్లో పట్టుకుని.

తేజేశ్వర్ గబగబా వచ్చాడు. "సారీ ఆంటీ! కానీ చూడండి అంకుల్, ఫార్టీఫైవ్‌లో టేబుల్ తిప్పొచ్చని ప్రూవ్ అయింది."

వాసుదేవరావు సంతకానికని తీసి ఉంచిన కలానికి మూత పెట్టి దమయంతి వైపు తిరిగాడు.

"ఈ నలభై ఐదు నిమిషాల నంబర్ తప్పని నీకు ముందే తెలుసా అమ్మా?"

తేజేశ్వర్ కళ్లతోనే వద్దన్నాడు. నిజం చెప్తే ఉద్యోగం పోతుందని ఆమెకి తెలుసు.

"తెలుసండీ. తెలిసే పెట్టాను. నిజానికి ఇందులో చూపిన ఆదాయంలో సగమే వస్తుంది."

ఆయన సంతకం పెట్టకుండానే ఒప్పందం కాగితాలు ఆమె ముందుకి తోసి, భార్యని చెయ్యి కడుక్కోమన్నాడు. నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్తాడేమోనని ఒక్క క్షణం ఆశపడినందుకు దమయంతికి తన మీద తనకే రోత పుట్టింది.