ముప్పై ఒక్క మార్కులు

మనవరాలు హిమజ ప్రోగ్రెస్ కార్డు ఇంటికొచ్చిన సాయంత్రం శేషయ్య దాన్ని కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాడు. చదవడానికి అందులో ఏముంది కనుక? ఆరు సబ్జెక్టులు, మొత్తం, సగటు, ర్యాంకు. ఆయన మాత్రం పొలం పాసుపుస్తకం చూసినంత శ్రద్ధగా పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ వచ్చి, చివరి గడి దగ్గర ఆపాడు.

"ఆరు," అన్నాడు. "ఐదు లోపల రావల్లని ముందే చెప్పినా గదా. హిందీలో ముప్పై ఒకటంట! ఇంగ నంద్యాల చాలు. పదో తరగతి ఈడనే, ఆళ్ళగడ్డలోనే చదువుతాది."

చెప్పాల్సింది చెప్పేసి కార్డు కోడలు శ్రీవాణి చేతికిచ్చాడు. ఆమె మొగుడు అక్కడే కూర్చుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. నాయన మాట్లాడేటప్పుడు ఆయన ఎప్పుడూ సెల్‌ఫోనే చూసుకుంటాడు. హిమజ లోపలికి వెళ్ళిపోయింది.

రోజూ తెల్లవారకముందే లేచి బాక్సు కట్టిచ్చి, కూతుర్ని నంద్యాల బస్సు ఎక్కించేది శ్రీవాణి. ఆ పిల్లకు అక్కడ లెక్కల సారు నచ్చాడు, లైబ్రరీ నచ్చింది, పక్కన కూర్చునే స్నేహితురాలు నచ్చింది. అవన్నీ ఒక్క గడిలోని ఒక్క అంకె వల్ల పోతాయంటే శ్రీవాణికి ఒళ్ళు మండింది.

ఆ హిందీ పరీక్ష సంగతి ఆమెకు బాగా తెలుసు. హిమజకు అప్పుడు టైఫాయిడ్. డాక్టర్ చీటీ ఇచ్చాడు, పిల్ల పరీక్ష రాసే స్థితిలో లేదు అని చెప్పడానికి ఫోన్ చేస్తే, "రాయకపోతే సున్నా పడుతుందమ్మా, ఎట్లనో ఒకట్ల కూర్చోబెట్టండి," అన్నారు స్కూల్లో. పిల్ల ఆటోలో తల వాల్చుకుని పోయి, రాసి, స్కూలు గేటు దగ్గరే వాంతి చేసుకుంది. మిగిలిన ఐదు పరీక్షలూ తేరుకుని బాగానే రాసింది. హిందీ మటుకు ముప్పై ఒకటి.

కార్డు పక్కన పెట్టి ఫోన్ తీస్తే, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో హిమజ క్లాసులోనే చదివే సందీప్ వాళ్ళమ్మ కొడుకు కార్డు ఫోటో పెట్టి ఉంది. మూడో ర్యాంకు. కింద అభినందనల వరద. శ్రీవాణి కూడా ఒక దండం పెట్టబోయి ఆగింది. ఫోటోను పెద్దది చేసింది. మొత్తం 428. సగటు 85.6. హిందీ గడిలో మార్కులు లేవు, పరీక్షకు రాలేదన్న గుర్తుగా ఏబీ అని ఉంది.

"మ్మే హిమజా, ఇట్ల రా. సందీప్ హిందీ రాయల్యా?"

"ల్యా. ఆపొద్దు బండి ఆత్మకూరు ఊరికి పోయినాడు, వాళ్ళ చిన్నాయన పెండ్లికి."

శ్రీవాణి కూతురి కార్డును ఫోటో పక్కన పెట్టింది. హిమజ మొత్తం 489. సగటు 81.5. మార్కులు అరవై ఒకటి ఎక్కువ, ర్యాంకు మూడు మెట్లు తక్కువ. ఇది ఎవరు చూసినా తెలిసే సంగతే. ఇంతమంది దండాలు పెట్టారు, ఒక్కరూ చూడలేదు.

"సున్నా పడుతుందన్నారే! యాడ పడింది సున్నా?" అంది గోడకేసి చూస్తూ. ఆ రాత్రి అన్నాలయ్యాక లాంగ్ నోట్‌బుక్‌లోంచి కాగితం చించి, బల్ల ముందు కూర్చుని రాసింది.

"తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్ పూర్ణిమ మేడమ్ గారికి,

హిమజ తల్లి శ్రీవాణి రాయునది. మా అమ్మాయి అర్ధ సంవత్సర పరీక్షల కార్డు అందినది. మొత్తం ఆరు వందలకు 489, సగటు 81.5, ర్యాంకు 6 అని ఉన్నది. అదే తరగతిలో 428 మార్కులు వచ్చిన విద్యార్థికి సగటు 85.6, ర్యాంకు 3 ఇచ్చారు. మార్కులు ఎక్కువ వచ్చిన పిల్లకు సగటు తక్కువ ఎలా అయిందో దయచేసి తెలుపగలరు. సగటు కోసం మొత్తాన్ని ఎంతతో భాగించారు? ర్యాంకు మొత్తాన్ని బట్టి ఇచ్చారా, సగటును బట్టి ఇచ్చారా? రాయని పరీక్షను ఎలా లెక్కించారు? మా అమ్మాయి జ్వరంతో ఉన్నప్పుడు రాయకపోతే సున్నా పడుతుందని మీరే చెప్పారు. నేను ర్యాంకు పెంచమని అడగడం లేదు. లెక్క చెప్పమంటున్నాను. జవాబు కాగితం మీద ఇవ్వగలరు."

చివరి మాట రాశాక ఆమెకు కొంచెం భయం వేసింది. టీచర్లు పిల్ల మీద కక్ష కడతారేమోనని ప్రతి తల్లికీ ఉండే భయమే. అయినా కాగితం మడిచి కార్డులో పెట్టి, హిమజ సంచిలో వేసింది. మర్నాడు మధ్యాహ్నమే స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. హెడ్‌మాస్టర్ గారు ఒకసారి రమ్మంటున్నారు.

కాగితం మీద జవాబు అడిగితే మనిషిని రమ్మంటారేందని గొణుక్కుంటూనే మరునాడు కూతురితోపాటు బస్సెక్కింది శ్రీవాణి. నంద్యాల బస్టాండు నుంచి ఆటోలో స్కూలు దగ్గర దిగేసరికి మొదటి గంట కొట్టారు. హెడ్‌మాస్టర్ లక్ష్మీనారాయణ గదిలో పూర్ణిమ మేడమ్ అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పాతికేళ్ళ పిల్ల, ముఖం పాలిపోయి ఉంది. బల్ల మీద శ్రీవాణి రాసిన కాగితం.

"కూర్చోండమ్మా," అన్నాడు లక్ష్మీనారాయణ. "ఇంత చిన్నదానికి రాతలెందుకు? ఒక ఫోన్ చేస్తే పోయేది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆరోగ్యం బాగాలేక పరీక్ష రాయని పిల్లలకు రాసిన పేపర్ల మీదే సగటు తీస్తాం."

"మంచి పద్ధతే సార్. అయితే పెండ్లికి పోయినోళ్ళకు కూడా అదేనా?"

హెడ్‌మాస్టర్ పూర్ణిమ వైపు చూశాడు. పూర్ణిమ గొంతు సవరించుకుంది.

"పద్ధతి ఏమీ లేదు సార్," అంది మెల్లగా. "నేనే చూసుకోలేదు. రాని పిల్లల గడిలో ఏబీ అని కొట్టినా. సగటు ఫార్ములా అక్షరాలున్న గడిని వదిలేస్తుంది. అంకెలున్న గడులనే కూడి, అవెన్ని ఉంటే అంతతోనే భాగిస్తుంది. సందీప్‌ది ఐదుతో భాగించింది, హిమజది ఆరుతో. ర్యాంకులు సగటును బట్టి వచ్చినాయి. నిన్న ఈమె జాబు చదివినాకనే షీటు తెరిచి చూసినా. ఐదో ర్యాంకు వచ్చిన రమ్యది కూడా అంతే. ఆ పాపకు డెంగీ."

ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం శ్రీవాణికి నచ్చింది. హెడ్‌మాస్టర్‌కు నచ్చలేదు. కుర్చీలో అటూ ఇటూ కదిలి, గొంతులో తేనె పోసుకుని మొదలుపెట్టాడు.

"సరేనమ్మా, మీ పాపకూ జ్వరమే కదా. డాక్టర్ చీటీ కూడా ఉంది. హిందీ తీసేద్దాం. మేడమ్, తీసేస్తే ఎంత?"

పూర్ణిమ కొట్టి చూసింది. "ఐదింటికి 458. సగటు 91.6. రెండో ర్యాంకు."

"చూసినారా! ఈ కార్డు ఒక్కటి మార్చి ఇచ్చేస్తాం. గ్రూపులో మాత్రం పెట్టొద్దండి. అందరికీ కార్డులు ఇచ్చేసినాం, ఇప్పుడు అన్నీ తిరగదోడితే ప్రతి ఒక్కరూ వచ్చి కూర్చుంటారు."

రెండో ర్యాంకు. శ్రీవాణికి మామ వేలు ఆ గడి మీద ఆగడం కళ్ళకు కట్టింది. ఇక మాట్లాడ్డానికేం ఉండదు, పిల్ల నంద్యాలలోనే ఉంటుంది, అందరూ సంతోషంగా ఉంటారు. సరేనంటే అయిపోతుంది. ఆశ పడలేదంటే అబద్ధమవుతుంది, గట్టిగానే పడింది. కూతురి వైపు చూసింది.

హిమజ తలుపు దగ్గర సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. "వద్దు సార్," అంది.

"ఏంది వద్దు?"

"నా హిందీ తీసేయొద్దు సార్. జరంతో రాసినా. ముప్పై ఒకటొచ్చినా నేనే రాసినా. తీసేస్తే నేనూ రానట్లే గదా."

హెడ్‌మాస్టర్ నవ్వబోయాడు కానీ గదిలో తోడు నవ్వేవాళ్ళు లేరు. శ్రీవాణికి తాను ఆశ పడినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు కాస్తా కోపంగా మారి గొంతులోకి వచ్చింది.

"ఇన్నారు గదా సార్. నా బిడ్డకొక్కదానికి మార్చేది కాదు, అందరికీ మార్చండి. ఆరు రాసినోళ్ళకు ఆరు వందల మీద ర్యాంకు వేయండి. రానోళ్ళకు ర్యాంకు వేయొద్దు, సగటు పక్కన ఐదు పేపర్లకని రాయండి. డెంగీ వచ్చిన పాపకు సున్నా వేయమని నేనన్ల్యా. దొంగతనంగా ఇచ్చే ర్యాంకు మాత్రం నాకొద్దు. ఫీజు దుడ్లు కట్టించుకునేటప్పుడు రసీదు ఇస్తాండారు గదా, దీనికీ ఇయ్యండి."

"అమ్మా, మీరు అనవసరంగా..."

"అవసరమే సార్. మీరు రాసిచ్చేదాంక నేను ఈడనే కూచుంటా. సాయంత్రం బస్సుకు పోతా."

కూర్చుంది కూడా. వచ్చినవాళ్ళు చూశారు, పోయినవాళ్ళు చూశారు, అటెండర్ రెండుసార్లు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మధ్యాహ్నం గంట కొట్టకముందే పూర్ణిమ మేడమ్ తరగతి మొత్తానికి కొత్త షీటు, శ్రీవాణికి జవాబు కాగితం తెచ్చి హెడ్‌మాస్టర్ ముందు పెట్టింది. ఆయన చదివి, నిట్టూర్చి, సంతకం చేసి, గుండ్రటి స్టాంపు గట్టిగా ఒత్తాడు. స్టాంపు మీద చూపించిన ఆ కోపాన్ని శ్రీవాణి పట్టించుకోలేదు. హిమజ: మొత్తం 489, సగటు 81.5, ర్యాంకు 4. హిందీ గడిలో ముప్పై ఒకటి అలాగే ఉంది.

బయటకు వస్తుంటే పూర్ణిమ వెనకే వచ్చింది. "ఆపొద్దు సున్నా అని చెప్పింది నేనే మేడమ్. అట్లనే అనుకున్నా," అంది.

"నిజం చెప్పినావు, చాల్లేమ్మా," అంది శ్రీవాణి.

ఆ సాయంత్రం శేషయ్య కళ్ళజోడు పెట్టుకుని స్కూలు ఇచ్చిన జవాబు చదివాడు. వేలు చివరిదాకా వచ్చింది. ముఖం విప్పారింది.

"నాలుగు! ఐదు లోపలే. అయితే పోనీలే, నంద్యాలకే పోనీ."

శ్రీవాణికి అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పొద్దుటి నుంచి ఒక లెక్క కోసం కుర్చీ పట్టుకుని కూర్చున్న మనిషికి ఊరుకోవడం చేతకాలేదు.

"నాలుగొచ్చిందని పోతాదా మామా? ఆరే అయ్యుంటే పోకూడదా? ఈ ఐదు ఎట్ల కట్టినారు?"

"ఏందీ?"

"స్కూలోళ్ళను లెక్క అడిగొచ్చినా. వాళ్ళు చెప్పినారు. మీరూ చెప్పండి. హిమజ అన్న హరీష్ గాడు కూడా నంద్యాలలోనే గదా ఇంటర్ చదువుతాండేది, హాస్టల్లో పెట్టి. వానికి ఎన్ని లోపల రావల్లని పెట్టినారు?"

శేషయ్య కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పెద్ద మనవడి కార్డు ఆయన ఇంతవరకూ అడిగిందీ లేదు, చూసిందీ లేదు.

శ్రీవాణి మొగుడు అప్పుడు సెల్‌ఫోన్ పక్కన పెట్టాడు. "ఇరవై మూడు నాయనా," అన్నాడు. "వాని ర్యాంకు."

శేషయ్య కొడుకు వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. తలుపు చాటున నిలబడ్డ మనవరాలి వైపు చాలాసేపు చూశాడు. చేతిలోని కాగితాన్ని మళ్ళీ తెరిచి ఈసారి చివరి గడి దాకా పోలేదు. హిందీ దగ్గర వేలు ఆపాడు.

"ఇది జరంతో రాసిందేనా పాపా?"

"ఊ, జేజినాయనా."

ఆయన కాగితాన్ని మడిచి శ్రీవాణికి ఇచ్చాడు. ర్యాంకుల మాట మళ్ళీ ఎత్తలేదు.

"రేపు బస్సు ఎన్నింటికి?" అన్నాడు. "నేను ఎక్కించొస్తా."